ఆర్డర్ 6,000, డిపాజిటరీలో 4,500: ఒక సెటిల్‌మెంట్ ఫిర్యాదు కథ

చాలా ఏళ్లు సెటిల్‌మెంట్ బ్యాక్ ఆఫీసులో పనిచేశాను. ఇప్పుడు బ్రోకర్‌తో గొడవ వచ్చిన మదుపరులకి కాగితాలు సర్ది, ఫిర్యాదు రాసిపెడుతుంటాను. ఈ కేసులో పెద్ద డబ్బేమీ లేదు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఇందులో మా క్లయింట్ దేని మీద కోపం తెచ్చుకున్నారో, సెటిల్‌మెంట్ నిజంగా దేనివల్ల ఆగిపోయిందో ఆ రెండూ వేరు. ఆయన మొదటి ఫిర్యాదు వీగిపోవడానికి కారణం అదే. గుర్తుపట్టడానికి వీల్లేకుండా మార్కెట్ పేరు, కంపెనీ పేరు, కరెన్సీ తీసేశాను. తేదీల బదులు వారాల పేర్లు మాత్రమే వాడాను.

నేపథ్యం

క్లయింట్ ఉద్యోగం నుంచి రిటైరైన మనిషి. కుటుంబానికి ఉన్న చిన్న కంపెనీ పేరు మీద షేర్లు కొంటూ అమ్ముతూ ఉంటారు. షేర్లు బ్రోకర్ దగ్గర ఉండవు, వేరే బ్యాంకులో కస్టడీ ఖాతాలో ఉంటాయి. ఈ ఏర్పాటు వల్లే కథంతా నడిచింది కాబట్టి ఒక్క నిమిషం దీని గురించి చెప్పాలి.

షేర్లు, డబ్బు రెండూ ఒకే బ్రోకర్ దగ్గర ఉంటే మనం కన్ఫర్మేషన్ చూడకపోయినా సెటిల్‌మెంట్ దానంతటది జరిగిపోతుంది. షేర్లు ఉంచే బ్యాంకు, అంటే కస్టోడియన్, వేరుగా ఉన్నప్పుడు అలా కుదరదు. అమ్మకం అయ్యాక బ్రోకర్ తన వైపు నుంచి, షేర్ల లెక్క ఉంచే డిపాజిటరీలో ఒక సూచన వేస్తాడు: ఫలానా షేర్లు ఇన్ని, ఫలానా రోజు, ఇంత డబ్బుకి తీసుకుంటాను అని. కస్టోడియన్ మన వైపు నుంచి ఇంకోటి వేస్తాడు: అవే షేర్లు ఇన్ని, అదే రోజు, అంతే డబ్బుకి ఇస్తాను అని. రెండూ కలిస్తేనే షేర్లు అటు, డబ్బు ఇటు కదులుతాయి. డబ్బులో చిన్న తేడాని చాలా డిపాజిటరీలు ఒక హద్దు వరకు సహిస్తాయి. షేర్ల సంఖ్యలో మాత్రం ఒక్కటి తేడా ఉన్నా సహించవు. కస్టోడియన్‌కి మనం పంపేది బ్రోకర్ ఇచ్చిన ట్రేడ్ కన్ఫర్మేషనే. మన దగ్గర కాంట్రాక్ట్ నోట్ అని పిలిచేది దాదాపు ఇదే. అది తప్పయితే ఆ తప్పు నేరుగా కస్టోడియన్ సూచనలోకి దిగుతుంది.

జరిగింది

సోమవారం పొద్దున 10:12కి క్లయింట్ బ్రోకర్‌కి ఈమెయిల్ పంపారు: 6,000 షేర్లు అమ్మండి, 84.00కి తగ్గకుండా, ఈ ఒక్క రోజుకే. సాయంత్రం 5:50కి కన్ఫర్మేషన్ వచ్చింది. 6,000 షేర్లు, 84.20 చొప్పున, కమిషన్ పోగా 504,694.80, సెటిల్‌మెంట్ బుధవారం. ఆ మార్కెట్‌లో అప్పటికి టి+2 నడుస్తోంది, అంటే ట్రేడ్ అయిన రెండో పనిదినానికి డబ్బు చేతికి రావాలి. మంగళవారం పొద్దున 9:15కి ఆయన ఆ కాగితాన్ని కస్టోడియన్‌కి పంపారు. 9:40కి వాళ్లు సూచన వేసేశారు.

మంగళవారం సాయంత్రం 4:05కి కస్టోడియన్ నుంచి మెయిల్: మీ సూచన అన్‌మ్యాచ్డ్‌గా ఉంది, బ్రోకర్‌ని అడగండి. 4:20కి ఆయన బ్రోకర్ ఆఫీసులో డీలర్‌కి ఫోన్ చేస్తే "సిస్టమ్‌లో ఆలస్యం సార్, సాయంత్రానికి సర్దుకుంటుంది" అన్నాడట. సర్దుకోలేదు. బుధవారం డబ్బు రాలేదు. ఆ డబ్బు మీద ఆయన వేరేచోట ఒక చెల్లింపు పెట్టుకున్నారు. అది ఆపలేక బ్యాంకులో ఏడాదికి 9 శాతం వడ్డీ మీద 500,000 ఓవర్‌డ్రాఫ్ట్ వాడారు.

గురువారం బ్రోకర్ పోర్టల్‌లోకి వెళ్లి చూస్తే అక్కడ కొత్త కన్ఫర్మేషన్లు రెండున్నాయి. పాతది రద్దు. ఇప్పుడు సోమవారం 4,500 షేర్లు 84.20కి, మంగళవారం 1,500 షేర్లు 83.60కి అమ్మినట్టు ఉంది. కమిషన్ పోగా రెండూ కలిపితే 503,795.70. మొదటి కాగితానికీ దీనికీ తేడా 899.10.

ఆయన కంటికి కనిపించింది ఈ తేడాయే. ఆ రోజే ఒకటిన్నర పేజీ మెయిల్ రాశారు.

మొదటి ఫిర్యాదు ఎందుకు నిలబడలేదు

ఆ మెయిల్ నేను తర్వాత చదివాను. "నమ్మి మీ చేతుల్లో పెడితే 900 తినేశారు" అని మొదలవుతుంది. పదేళ్ల సంబంధం గురించి ఒక పేరా, డీలర్ మర్యాద లేకుండా మాట్లాడాడని ఒక పేరా. సెటిల్‌మెంట్ ఆగిపోయిన సంగతి ఆఖర్లో ఒక్క వాక్యం. ఆర్డర్ నంబర్ లేదు, లిమిట్ 84.00 అన్న మాట లేదు, "ఈ ఒక్క రోజుకే" అన్న మాట అసలు లేదు.

ఎనిమిది రోజులకి జవాబొచ్చింది. మూడు వాక్యాల్లో తేల్చేశారు. మంగళవారం అమ్మకం అప్పటి మార్కెట్ ధరకే జరిగింది, సగటు 84.05 లెక్క సరైనదే. సెటిల్‌మెంట్ ఆలస్యానికి కారణం మీ కస్టోడియన్ సరైన సూచన శుక్రవారం దాకా వేయకపోవడం, అందుకే డిపాజిటరీ జరిమానా మీ వైపే పడింది. ఫిర్యాదు ముగించాం.

నిజానికి ఈ జవాబులో అబద్ధం ఒక్కటీ లేదు. 4,500కి 84.20, 1,500కి 83.60 కలిపితే సగటు 84.05 వస్తుంది. జరిమానా 96 కూడా కస్టోడియన్ ద్వారా క్లయింట్ మీదే పడింది. ఆయన అడిగిన ప్రశ్న ధర గురించి, వాళ్లు ధర గురించే చెప్పారు. నన్ను కాస్త కలవరపెట్టింది ఇంకోటి. 900 తక్కువ వచ్చిందని మాత్రమే అడిగితే, 1,500 షేర్ల అమ్మకాన్ని ఆయన ఒప్పుకుని ధరతోనే పేచీ పెట్టుకున్నట్టు చదువుకోవచ్చు. అనుమతి లేని ట్రేడ్ కనబడిన రోజునే కాదనాలి. ఊరుకుంటే, లేక వేరే విషయం పట్టుకుంటే, ఒప్పుకున్నారని వాదించే వీలు వాళ్లకి దొరుకుతుంది. పైగా శుక్రవారం నాడు కస్టోడియన్ కొత్త కాగితాల ప్రకారం రెండు సూచనలూ వేసేసింది, సోమవారం షేర్లన్నీ వెళ్లిపోయాయి. అప్పుడే నన్ను అడిగి ఉంటే 4,500 వరకు డెలివరీ ఇచ్చేయమని, 1,500 మీద "మా హక్కులు వదులుకోకుండా" అని ఒక వాక్యం రాసి పంపమని చెప్పేవాడిని.

మూడు కాగితాలు పక్కపక్కన

ఆయన నా దగ్గరకి వచ్చేసరికి ట్రేడ్ జరిగి దాదాపు మూడు వారాలు. "900 వసూలు చేసిపెట్టండి, నాకు ఇంకేం వద్దు" అన్నారు. నేను ఆ మాట పక్కన పెట్టి, ముందు ఆయన మెయిల్ ఆర్డర్, మొదటి కన్ఫర్మేషన్, డిపాజిటరీలో బ్రోకర్ వేసిన సూచన, ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టాను. మూడోది క్లయింట్ దగ్గర ఉండదు, కస్టోడియన్‌ని అడగాలి.

| | ఆర్డర్ | మొదటి కన్ఫర్మేషన్ | బ్రోకర్ సూచన |
|---|---|---|---|
| షేర్లు | 6,000 | 6,000 | 4,500 |
| ధర | 84.00కి తగ్గకుండా | 84.20 | (సూచనలో ధర ఉండదు) |
| రోజు | సోమవారం మాత్రమే | సోమవారం | సోమవారం |
| సెటిల్‌మెంట్ | – | బుధవారం | బుధవారం |
| నికర మొత్తం | – | 504,694.80 | 378,521.10 |

ఇది చూడగానే విషయం తెలిసిపోయింది. సెటిల్‌మెంట్ ఆగింది ధర తేడా వల్ల కాదు. మనవైపు 6,000 ఇస్తాం అంటున్నారు, అటువైపు 4,500 తీసుకుంటాం అంటున్నారు. ఆ రెండూ ఎప్పటికీ కలవవు. ధర తేడా మంగళవారం జరిగిన వేరే తప్పు నుంచి వచ్చింది. క్లయింట్ ఈ రెండింటినీ కలిపి ఒకటే మోసం అనుకున్నారు. బ్రోకర్ వాటిలో తేలికైనది ఎంచుకుని జవాబిచ్చాడు.

ఇక ఎవరికి ఎప్పుడు తెలుసు అన్నది తేలాలి. ఇక్కడ పనికొచ్చింది అలెజ్‌మెంట్. అవతలివాళ్లు మన పేరు మీద ఒక సూచన వేసి, దానికి జోడీ మనవైపు లేకపోతే, డిపాజిటరీ మన కస్టోడియన్‌కి ఒక సందేశం పంపుతుంది: ఫలానావాళ్లు మీ నుంచి ఇన్ని షేర్లు ఆశిస్తున్నారు, మీ దగ్గర అలాంటి సూచన లేదు అని. చాలామంది మదుపరులకి ఇలాంటి సందేశం ఒకటి ఉంటుందనే తెలియదు. కస్టోడియన్ దగ్గర ఆ రికార్డు అడిగితే రెండు రోజుల్లో పంపారు. అందులో టైమ్ మంగళవారం పొద్దున 11:22. షేర్లు 4,500.

అంటే మంగళవారం పొద్దున 11:22కల్లా బ్రోకర్ బ్యాక్ ఆఫీసుకి సోమవారం అమ్మింది 4,500 మాత్రమేనని తెలుసు. తెలిసే కదా ఆ సంఖ్యతో సూచన వేశారు. క్లయింట్ చేతిలో మాత్రం ఇంకా 6,000 కాగితమే ఉంది. సాయంత్రం 4:20కి ఆయన ఫోన్ చేస్తే డీలర్ సిస్టమ్ మీదకి తోశాడు. సవరించిన కాగితాలు పోర్టల్‌లో పడింది అదే సాయంత్రం 6:40కి. మెయిల్ కూడా పంపారు, కాకపోతే అది క్లయింట్ దగ్గర ఎప్పుడో పని మానేసిన అకౌంటెంట్ అడ్రసుకి వెళ్లింది.

కస్టోడియన్ కూడా పూర్తిగా అమాయకురాలేం కాదు. 11:22కి వచ్చిన సందేశాన్ని సాయంత్రం 4:05 దాకా పట్టించుకోలేదు. పట్టించుకున్నాక కూడా "అన్‌మ్యాచ్డ్" అన్న ఒక్క మాట రాశారు గానీ, అటువైపు 4,500 కనిపిస్తోందని చెప్పలేదు. అది చెప్పి ఉంటే డీలర్ ఆ మాట అనగలిగేవాడు కాదు. ఈ సంగతి ముందు క్లయింట్‌తో, తర్వాత కస్టోడియన్‌తో చెప్పాను. వాళ్లు సూచనల రద్దుకి, మళ్లీ వేసినందుకు తీసుకున్న 40 వెంటనే వెనక్కి వేశారు. అందుకే బ్రోకర్ మీద లెక్కలో ఆ 40 వేయలేదు.

జరిమానా గురించి ఒక మాట. ఆ డిపాజిటరీలో సూచనలు ఆలస్యంగా కలిస్తే జరిమానా రెండింటిలో ఆఖరున వచ్చిన సూచన వేసినవాళ్ల మీద పడుతుంది. సిస్టమ్ టైమ్ చూస్తుందే గానీ ఎవరి తప్పో చూడదు. బ్రోకర్ ఇచ్చిన తప్పు కాగితం నమ్మి ముందుగా సూచన వేసినవాడు దాన్ని రద్దు చేసి శుక్రవారం మళ్లీ వేయాల్సి వచ్చింది. అలా ఆఖరువాడయ్యాడు, జరిమానా కట్టాడు. బ్రోకర్ జవాబులో బలంగా కనిపించిన వాదన ఇదొక్కటే, అదీ ఇంత డొల్ల.

ఏం అడగాలి

ఇక్కడ క్లయింట్‌కీ నాకూ గట్టిగానే వాదన జరిగింది. 900 తో పాటు 500,000 మీద ఐదు రోజుల వడ్డీ మొత్తం అడగాలన్నది ఆయన పట్టు. నేను వద్దన్నాను.

నేను పెట్టుకునే లెక్క ఎప్పుడూ ఒకటే: బ్రోకర్ తప్పు చేయకపోతే ఏమయ్యేది? సోమవారం 4,500 షేర్లు 84.20కి అమ్ముడయ్యేవి. సరైన కాగితం వచ్చేది. బుధవారం 378,521.10 ఖాతాలో పడేది. మిగిలిన 1,500 షేర్లకి ఆర్డర్ ఆ సాయంత్రంతో ముగిసిపోయేది, అవి ఆయన దగ్గరే ఉండేవి. కాబట్టి బ్రోకర్ వల్ల ఆలస్యమైన డబ్బు 378,521.10 మాత్రమే. మిగతా దానికి ఆయన ఎలాగూ ఓవర్‌డ్రాఫ్ట్ వాడాల్సిందే. బుధవారం నుంచి సోమవారం దాకా ఐదు రోజులు, 9 శాతం చొప్పున 466.67. ఇది కాగితాల మీద నిలబడే అంకె. 500,000 మీద వడ్డీ అడిగితే అందులో ఒక ముక్క తప్పని వాళ్లు చూపిస్తారు, ఆ తర్వాత మిగతా లెక్కని కూడా అనుమానంగానే చూస్తారు.

1,500 షేర్ల సంగతి ఇంకా చిక్కు. గడువు దాటాక, లిమిట్ కంటే తక్కువకి, అడగకుండా అమ్మారు. రెండు రకాలుగానూ ఆర్డర్ మీరారు. నియమం ప్రకారం ఆ ట్రేడ్‌ని కాదని షేర్లు వెనక్కి అడగొచ్చు. కానీ మేం కూర్చుని మాట్లాడుకునే రోజుకి ధర 82 దగ్గర ఉంది. 83.60కి అమ్ముడైన షేర్లని వెనక్కి తెచ్చుకుని 82 దగ్గర పెట్టుకోవడం వల్ల ఒరిగేదేముంది? పైగా ఆయనకి కావలసింది డబ్బే. అందుకని ట్రేడ్ ఉంచుకుంటాం, అయితే మా లిమిట్ 84.00 ప్రకారం తేడా ఇవ్వండి అని అడుగుదాం అనుకున్నాం. షేరుకి 0.40 చొప్పున 600. అడగని ట్రేడ్ మీద కమిషన్ 125.40 కూడా వెనక్కి.

ఈ 600 బలహీనమని నాకు తెలుసు, ఆయనకీ చెప్పాను. నా లెక్క ప్రకారమే చూస్తే ఆ షేర్లు ఆయన దగ్గరే ఉండి 82కి పడిపోయేవి. అంటే బ్రోకర్ తప్పు ఆయనకి మేలే చేసింది. అయినా అడగడంలో తప్పులేదు, ఎందుకంటే ఆర్డర్ మీరడం నిజం. దాన్ని వేరే అంశంగా, వేరే అంకెతో పెట్టాను, అది పోయినా మిగతావి దెబ్బతినకుండా. జరిమానా 96 తో కలిపి మొత్తం 1,288.07.

రెండో ఫిర్యాదు

ఒకటిన్నర పేజీలోనే కుదించాం, జతపరిచినవి ఆరు. డీలర్‌కి కాదు, బ్రోకర్ సంస్థలో ఫిర్యాదులు చూసే కంప్లయన్స్ విభాగానికి పంపాం. డీలర్‌తో ఫోన్‌లో అన్నది చాలాచోట్ల ఫిర్యాదుగా లెక్కలోకే రాదు, రాతలో వెళ్లాలి. మొదటి వాక్యంలోనే ఇది పాత ఫిర్యాదుకి కొనసాగింపు అని, ముగించడాన్ని ఒప్పుకోవడం లేదని, పాత నంబరు వేసి రాశాం.

తర్వాత ఖాతా నంబరు, ఆర్డర్ పంపిన సమయం, షేరు పేరు, దాని ఐసిన్ నంబరు, అమ్మకమని, రద్దయిన కన్ఫర్మేషన్ నంబరు, కొత్తగా వచ్చిన రెండింటి నంబర్లు, కస్టోడియన్ సూచన నంబరు. ఈ వరుస చూడ్డానికి పొడిగా ఉంటుంది గానీ, ఫిర్యాదు చదివే మనిషి మొదట చేసేది ఈ నంబర్లు పట్టుకుని తన సిస్టమ్‌లో వెతకడమే. ఒక్క కన్ఫర్మేషన్ నంబరే ఇస్తే వాళ్లకి అదొక్కటే కనిపిస్తుంది, రద్దయినది కనిపించదు. మొదటి ఫిర్యాదులో జరిగింది అదే అని నా అనుమానం.

ఆ కింద పైన చూపించిన పట్టిక, దాని కింద టైమ్ వరుస. విషయం మొత్తం మోసింది ఈ ముక్కే, యథాతథంగా ఇస్తున్నాను:

"సోమ 10:12 – ఆర్డర్, సోమవారానికి మాత్రమే, 84.00కి తగ్గకుండా (జత 1). సోమ 17:50 – మీ కన్ఫర్మేషన్, 6,000 షేర్లు (జత 2). మంగళ 09:40 – దాని ప్రకారం మా కస్టోడియన్ సూచన (జత 3). మంగళ 11:22 – మీరు 4,500 కి వేసిన సూచన, కస్టోడియన్‌కి అందిన అలెజ్‌మెంట్ ప్రకారం (జత 4). మంగళ 16:20 – మా ఫోన్, 'సిస్టమ్‌లో ఆలస్యం' అని మీ డీలర్ జవాబు. మంగళ 18:40 – సవరించిన కన్ఫర్మేషన్లు పోర్టల్‌లో (జత 5). 11:22కి మీకు తెలిసిన సంఖ్య 18:40 దాకా మాకు చెప్పలేదు. 16:20కి మేమే అడిగినా చెప్పలేదు."

"మోసం", "దోపిడీ" లాంటి మాటలు ఒక్కటీ లేవు. వాటిని తీసేయమంటే క్లయింట్‌కి నచ్చలేదు. మోసమని రాస్తే అది నిరూపించే బాధ్యత మనమీదే పడుతుంది. 11:22, 18:40 అని రాస్తే ఆ ఏడు గంటలకి వాళ్లే సమాధానం చెప్పుకోవాలి.

చివర్లో అంశాలవారీగా అడిగిన మొత్తాలు, ఒక్కోదానికి లెక్క. ఓవర్‌డ్రాఫ్ట్‌కి రుజువుగా బ్యాంకు స్టేట్‌మెంట్ పెట్టాం (జత 6), సంబంధంలేని వరుసలన్నీ నలుపు చేసి. ఇంకో రెండు కోరికలు: మంగళవారం 16:20 ఫోన్ రికార్డింగ్, సోమ మంగళవారాల ఆర్డర్ లాగ్ చెరిపేయకుండా భద్రపరచాలి. మాకు తుది జవాబు రాతలో కావాలి, ఫోన్ చేయొద్దు. ఫోన్ రికార్డింగులు ఎన్నాళ్లు ఉంచుతారన్నది సంస్థని బట్టి, దేశాన్ని బట్టి మారుతుంది. అందుకే అడగాల్సింది మొదట్లోనే అడగాలి.

జవాబు రాకపోతే ఎక్కడికి వెళ్లాలన్నది కూడా దేశాన్ని బట్టే. బ్రిటన్‌లో సంస్థకి తుది జవాబివ్వడానికి 8 వారాలుంటాయి, ఆ తర్వాత ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్. భారత్‌లో ముందు బ్రోకర్‌ని అడిగి, అక్కడ తేలకపోతే సెబీ వారి ఫిర్యాదుల పోర్టల్ స్కోర్స్. ఎక్కడైనా పై మెట్టు అడిగేది మొదటి మెట్టులో రాసిన కాగితమే. అది సరిగా లేకపోతే పైకి వెళ్లినా మళ్లీ ఇదే పని చేయాలి.

వచ్చింది

పదహారు రోజులకి రెండు పేజీల జవాబొచ్చింది. ఈసారి రాసిన మనిషి లాగ్ చూసి రాశారని అర్థమైంది. సోమవారం కన్ఫర్మేషన్‌లో అమ్ముడైన సంఖ్య బదులు ఆర్డర్ సంఖ్య పడిందని, మంగళవారం మిగతా 1,500 ని క్లయింట్‌ని అడగకుండా డీలర్ కొనసాగించాడని ఒప్పుకున్నారు. 6,000 అని కాగితం ఇచ్చేశాం కాబట్టి దాన్ని నిజం చేద్దామని డీలర్ అమ్మేసి ఉంటాడని నా ఊహ. వాళ్లు అంత దాకా రాయలేదు.

వడ్డీ 466.67, జరిమానా 96 పూర్తిగా ఇచ్చారు. కమిషన్ మేం 125.40 అడిగితే రెండు ట్రేడులదీ కలిపి 504.30 వదులుకున్నారు. 600 మాత్రం ఇవ్వలేదు. కారణం నేను భయపడిందే: ఆర్డర్ సోమవారంతో ముగిసి ఉంటే ఆ షేర్లు మీ దగ్గరే ఉండేవి, ఈరోజు వాటి విలువ మీరు అందుకున్న దానికంటే తక్కువ. మొత్తం 1,066.97 వచ్చింది. అడిగినదానికి 221.10 తక్కువ.

పైకి వెళ్దామా అని క్లయింట్ అడిగారు. 600 వాదన పట్టుకుని వెళ్తే, అవతలివాళ్లు చెప్పిన కారణానికి నా దగ్గర మంచి జవాబు లేదు. వద్దన్నాను. ఆయన ఒప్పుకున్నారు గానీ సంతోషంగా కాదు. "ఆర్డర్ మీరినందుకు ఏమీ లేదన్నమాట" అన్నారు. ఆ మాటలో న్యాయముంది. సెటిల్‌మెంట్ లెక్కలో పరిహారం నష్టానికే వస్తుంది, నష్టం లేని తప్పుకి రాదు. ఆ తప్పుని క్రమశిక్షణ విషయంగా నియంత్రణ సంస్థకి తెలపొచ్చు, దాన్నుంచి ఆయనకి డబ్బు రాదని కూడా చెప్పాను. ఆయన తెలపలేదు.

తర్వాత మార్చినవి

బ్రోకర్ దగ్గర ఉన్న పాత అకౌంటెంట్ అడ్రసు తీసేయించాం. కస్టోడియన్‌కి ఒక లేఖ: అన్‌మ్యాచ్డ్ అని తెలిసిన గంటలో, అవతలివైపు కనిపిస్తున్న సంఖ్య, తేదీ, మొత్తంతో సహా మాకు చెప్పాలి. ఇది ఇప్పుడు ఇంకా ముఖ్యం. భారత్ 2023 జనవరికల్లా, అమెరికా 2024 మేలో టి+1కి మారాయి, యూరప్ 2027 అక్టోబరుకి మారబోతోంది. ఈ కేసులో మంగళవారం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఉన్న టైమ్ టి+1లో అసలు ఉండదు. కన్ఫర్మేషన్ వచ్చిన సాయంత్రమే ఆర్డర్‌తో పోల్చుకోవాలి.

క్లయింట్ ఆ అలవాటు చేసుకున్నారు. మూడు నెలల తర్వాత ఒక సాయంత్రం ఆరింటికి ఫోన్ చేశారు, గొంతులో మళ్లీ అదే టెన్షన్. 2,000 షేర్లు కొన్నారట. సంఖ్య సరిపోయింది, ధర సరిపోయింది, సెటిల్‌మెంట్ తేదీ మాత్రం ఒక రోజు ఆలస్యంగా ఉందండీ అన్నారు. క్యాలెండర్ తీసి చూశాం. మధ్యలో మార్కెట్ సెలవు ఉంది.